కుక్కల్లో డెమోడెక్స్, స్కేబిస్: దురదను బట్టి అంచనా, చర్మం గీకే పద్ధతి, మందు ఎంపిక – తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కకు వెంట్రుకలు ఊడి చర్మం పాడైతే అందరం "గజ్జి" అనేస్తాం. ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయి. డెమోడెక్స్ పురుగు వల్ల వచ్చేది ఒకటి, సార్కోప్టిస్ పురుగు వల్ల వచ్చే స్కేబిస్ మరొకటి. నన్ను అడిగేవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోతున్నారు: "చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూశారండీ, ఏమీ లేదన్నారు." ఈ మాటకు మొదటి జబ్బులో చాలా బరువుంది, రెండో దాంట్లో దాదాపు ఏమీ లేదు. అందుకే ఈ పేజీలో గీకడం గురించే ఎక్కువగా రాశాను. ఏ ప్రశ్న కావాలంటే దానికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## అనుమానం వచ్చినప్పుడు

రెండూ గజ్జే కదా, ఏ పురుగైతే ఏమిటి?

పురుగు ఎక్కడ ఉంటుందో దాన్ని బట్టి మిగతాదంతా మారిపోతుంది. డెమోడెక్స్ వెంట్రుక కుదుట్లో, నూనె గ్రంథుల్లో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల మీద కూడా కొద్దిపాటి సంఖ్యలో బతుకుతుంది. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో పాలు తాగేటప్పుడు తల్లి ఒంటి మీది నుంచి పిల్లలకు వస్తుంది. కుక్క రోగనిరోధక శక్తి దాన్ని అదుపులో ఉంచలేనప్పుడు సంఖ్య పెరిగి జబ్బవుతుంది.

సార్కోప్టిస్ అలా కాదు. అది బయటి నుంచి వచ్చి పడుతుంది. ఆడ పురుగు చర్మం పై పొరలో సొరంగం తవ్వుకుంటూ గుడ్లు పెడుతుంది. గుడ్డు పెద్ద పురుగు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు సులభంగా అంటుకుంటుంది. కాబట్టి డెమోడెక్స్‌లో "ఈ కుక్క ఒంట్లో ఏం తేడా వచ్చింది" అని ఆలోచించాలి, స్కేబిస్‌లో "ఎక్కడ అంటింది, ఇంకా ఎవరికి అంటింది" అని వెతకాలి.

గోకుడు చూసి ఏదో చెప్పొచ్చా?

చాలావరకు అంచనా వేయొచ్చు, కానీ గోకుడు ఎంత ఉంది అన్నదాని కంటే ఏది ముందు వచ్చింది అన్నది అడగండి. స్కేబిస్‌లో ముందు దురద వస్తుంది. అది మామూలు దురద కాదు. తింటూ తింటూ ఆగి గోక్కుంటుంది, రాత్రి నిద్రలో లేచి గోక్కుంటుంది, కొత్త మనిషి ముందు నిలబెట్టినా ఆపుకోలేదు. చెవి అంచులు, మోచేతులు, వెనక కాలి మడమ కీళ్లు, పొట్ట, ఛాతీ కింది భాగం మొదట పాడవుతాయి. వీపు చాలా రోజుల వరకు బాగానే ఉంటుంది. పురుగులు కొన్నే ఉన్నా దురద అంతగా ఉండడానికి కారణం అలర్జీ. పురుగు మీద, దాని మలం మీద కుక్క శరీరం తిరగబడుతుంది. అందుకే మొదటిసారి అంటినప్పుడు దురద మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది.

డెమోడెక్స్‌లో ముందు వెంట్రుకలు ఊడతాయి. కళ్ల చుట్టూ, పెదవి మూలల్లో, ముందు కాళ్ల మీద గుండ్రటి బోడి మచ్చలు కనిపిస్తాయి. చర్మం బూడిద రంగుకు తిరుగుతుంది, పొట్టు లేస్తుంది, వెంట్రుక మొదళ్ల దగ్గర నల్లటి చుక్కలు నిండుతాయి. మొదట్లో దురద ఉండదు, ఉన్నా కొంచెమే. పుళ్లలో బ్యాక్టీరియా చేరి చీము పట్టాక ఈ కుక్క కూడా గట్టిగానే గోక్కుంటుంది. ఆ దశలో చూసినవాళ్లు రెండింటిలో ఏదో తేల్చుకోలేక తికమకపడతారు. అప్పుడు పాత ఫొటోలు బాగా ఉపయోగపడతాయి. రెండు నెలల కిందటి ఫొటోలో బోడి మచ్చ ఉండి, అప్పటికి కుక్క గోక్కోకుండా ఉంటే డెమోడెక్స్ వైపే మొగ్గుతాను.

చెవి అంచు రుద్దితే కాలు ఆడిస్తే స్కేబిసేనా?

చెవి కొన అంచును మడిచి, దాన్ని దాంతోనే వేళ్లతో ఐదు సెకన్ల పాటు గట్టిగా రుద్దాలి. అదే వైపు వెనక కాలు గాల్లో గోకుతున్నట్టు ఆడితే పరీక్ష పాజిటివ్ అన్నట్టు. స్కేబిస్ ఉన్న కుక్కల్లో ఎక్కువ వాటికి ఇలా ఆడుతుంది. దీన్ని నేను ప్రతి దురద కేసులోనూ చేస్తాను, ఎందుకంటే దీనికి చేతులు తప్ప ఏమీ అక్కర్లేదు.

కానీ ఇది తీర్పు కాదు. అలర్జీతో గాని, చెవిలో ఇన్ఫెక్షన్‌తో గాని చెవి మండుతున్న కుక్క కూడా కాలు ఆడిస్తుంది. చెవి అంచుల మీద గరుకుగా పక్కులు కట్టి ఉండి, దానికి తోడు కాలు కూడా ఆడిస్తే అప్పుడు అనుమానం గట్టిపడుతుంది.

నా చేతుల మీద, పొట్ట మీద కూడా ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. కుక్క నుంచేనా?

ఒళ్లో పడుకునే కుక్కకు స్కేబిస్ ఉంటే మనిషికి ముంజేతుల మీద, పొట్ట మీద, అది తగిలిన చోటల్లా దురద పొక్కులు వస్తాయి. కుక్క మీది రకం పురుగు మనిషి చర్మంలో తన జీవితచక్రం పూర్తి చేసుకోలేదు. కుక్కకు వైద్యం చేస్తే మన పొక్కులు కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. అలా పోకపోతే చర్మ వైద్యుడికి చూపించుకుని, ఇంట్లో కుక్క ఉందని చెప్పండి. కుక్క డెమోడెక్స్ మాత్రం మనిషికి అంటదు. అందుకే గోకే కుక్కతో వచ్చిన ఇంటివాళ్లను నేను ముందు ఈ ప్రశ్నే అడుగుతాను.

## చర్మం గీకి చూసేటప్పుడు

డెమోడెక్స్ కోసం రక్తం వచ్చేదాకా గీకారు. అంత అవసరమా?

అవసరమే. పురుగు కుదురు లోపల ఉంటుంది కాబట్టి పైపైన గీకితే దొరకదు. అయితే కోత పడి రక్తం కారడం వేరు, సన్నటి రక్తనాళాల నుంచి చెమ్మగా ఎర్రబడడం వేరు. కావలసింది రెండోదే.

కొత్తగా నేర్చుకుంటున్న వైద్య విద్యార్థులు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పుండు పడ్డ చోటు వదిలేసి, కొత్తగా వెంట్రుకలు ఊడుతున్న చోటు, నల్ల చుక్కలున్న చోటు ఎంచుకోవాలి. అక్కడ వెంట్రుకలుంటే మెల్లగా కత్తిరించాలి. పది నంబరు బ్లేడు అంచు మొద్దుగా చేసుకుని దాని మీద, చర్మం మీద ఒక చుక్క లిక్విడ్ పారఫిన్ వేయాలి. నూనె వల్ల గీకినది బ్లేడుకు అంటుకుంటుంది, పురుగులు బతికి కాళ్లు ఆడిస్తూ కనిపిస్తాయి. ఇప్పుడు చర్మాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కాలి. లోపలి పురుగు ఈ నొక్కుడుకే పైకి వస్తుంది. ఆ తర్వాత వెంట్రుకలు పెరిగే దిశలో, ఒకే చిన్న చోట, చెమ్మగా ఎర్రబడేదాకా గీకాలి. మళ్లీ ఒకసారి నొక్కి, మళ్లీ గీకి, వచ్చినదాన్ని స్లైడు మీద నూనెలో కలిపి పైన కవర్‌స్లిప్ పెట్టాలి.

ఇలా మూడు నుంచి ఐదు చోట్ల తీసుకుంటారు. నొక్కడం మర్చిపోయి గీకడమే "ఏమీ లేదు" అని వచ్చే స్లైడుల్లో నేను ఎక్కువగా చూసిన తప్పు.

స్కేబిస్ కోసం కూడా అలాగే లోతుగా గీకుతారా?

కాదు, దాదాపు తలకిందులుగా చేయాలి. సార్కోప్టిస్ చర్మం పై పొరలో ఉంటుంది, పైగా ఒంటి మొత్తం మీద కొన్నే ఉండొచ్చు. అందుకని లోతు వదిలేసి వెడల్పు చూసుకోవాలి. చర్మం మీద నూనె ధారాళంగా వేసి, అరచేయంత మేర పైపైన గీకి, పక్కులతో సహా మొత్తం స్లైడుల మీదికి ఎత్తాలి. పది పదిహేను చోట్ల గీకినా ఎక్కువేమీ కాదు.

చోటు ఎంపికే ఇక్కడ ప్రధానం. చెవి అంచులు, మోచేతుల బయటి వైపు, మడమ కీళ్లు చూడాలి. అక్కడ కూడా కుక్క ఇంకా గోకని, పసుపు పక్కు కట్టిన ఎర్ర పొక్కులు వెతకాలి. గోకి గోకి పచ్చిగా చేసుకున్న చోట పురుగులు ఉండవు. కుక్క గోళ్లే వాటిని మనకంటే ముందు తీసేసి ఉంటాయి.

స్లైడు మీద ఏం కనబడితే ఏ పురుగని చెబుతారు?

డెమోడెక్స్ చుట్టలా పొడుగ్గా, ముందు భాగంలో పొట్టి కాళ్లు గుంపుగా, వెనక్కి సన్నబడుతూ ఉంటుంది. దాని గుడ్డు రెండు కొనలూ సన్నగా, కదురులా కనిపిస్తుంది. సార్కోప్టిస్ గుండ్రంగా, తాబేలులా ఉంటుంది. వెనక కాళ్లు ఒంటి అంచు దాటి పెద్దగా బయటికి రావు. దాని గుడ్లు కోలగా ఉంటాయి, పక్కనే గోధుమ రంగు మలం ముద్దలు కనిపిస్తాయి. స్కేబిస్‌లో ఒక్క పురుగు గాని, ఒక్క గుడ్డు గాని, ఆ మలం ముద్దలు గాని కనిపించినా చాలు, నిర్ధారణ అయినట్టే.

చూసేటప్పుడు తక్కువ పవర్ లెన్సుతో మొదలుపెట్టి, మైక్రోస్కోప్ కండెన్సర్‌ను కిందికి దించాలి. వెలుగు ఎక్కువైతే పురుగు ఒళ్లు గాజులా పారదర్శకమై కంటికి తప్పిపోతుంది. స్లైడును ఒక మూల నుంచి ఇంకో మూల వరకు వరుసలు దాటకుండా చూడాలి.

మూడుసార్లు గీకినా ఏమీ లేదు. అయితే స్కేబిస్ కాదనేగా?

కాదని చెప్పలేం. స్కేబిస్ ఉన్న కుక్కల్లో చాలావాటికి స్లైడు మీద పురుగు దొరకదు. దొరికితే ఉన్నట్టు, దొరకకపోతే ఏమీ తేలనట్టు. అనుమానం గట్టిగా ఉంటే స్కేబిస్ మందు వేసి ఎలా స్పందిస్తుందో చూడడమే సరైన పద్ధతి.

ఒక కేసు చెబుతాను. రెండేళ్ల మగ కుక్క, పద్దెనిమిది కిలోలు. ఐదు వారాలుగా గోకుతోంది, అంతకు నెల ముందు వేరే కుక్కలతో కలిసి కొన్ని రోజులు గడిపింది. వేర్వేరు చోట్ల మూడుసార్లు గీకి చూశారు, మూడుసార్లూ ఏమీ లేదు. అలర్జీ అనుకుని ఆహారం మార్చారు, తగ్గలేదు. ఎక్కడ గీకారని అడిగితే ప్రతిసారీ పక్కటెముకల మీద, కుక్క గోకి పచ్చిగా చేసుకున్న చోటే అని చెప్పారు. నేను చూసేసరికి చెవి అంచులు గరుకుగా ఉన్నాయి, చెవి రుద్దితే కాలు ఆడింది, ఇంటి ఇల్లాలి ముంజేతుల మీద పొక్కులున్నాయి. సన్నపళ్ల దువ్వెనతో దువ్వితే గోమార్లు గాని, వాటి మలం గాని రాలేదు. పన్నెండు చోట్ల గీకాను. పన్నెండు స్లైడుల్లోనూ ఏమీ లేదు.

అయినా ఆ కుక్కకూ, ఇంట్లో ఏమాత్రం గోకని రెండో కుక్కకూ అఫాక్సోలానర్ అనే పురుగు మందు మాత్ర ఇచ్చాం, నెల తర్వాత మళ్లీ ఇచ్చాం. మొదటి వారం తేడా లేదు. పన్నెండో రోజుకు రాత్రులు నిద్రపోవడం మొదలుపెట్టింది. నాలుగో వారానికి గోకుడు ఆగింది, ఆవిడ పొక్కులూ మాయమయ్యాయి. స్లైడు మీద రుజువు దొరకలేదు, నిజమే. ఆ మాత్ర గోమార్లనూ చంపుతుంది కాబట్టి, గోమార్లు లేవని ముందే చూసుకోవడం వల్లనే ఆ ఫలితానికి అర్థం వచ్చింది.

డెమోడెక్స్ కోసం గీకితే ఏమీ లేదన్నారు. దీన్ని నమ్మొచ్చా?

సరిగ్గా నొక్కి, లోతుగా, మూడు నుంచి ఐదు చోట్ల గీకి ఉంటే చాలావరకు నమ్మొచ్చు. ఒళ్లంతా డెమోడెక్స్ పాకిన కుక్కలో పురుగులు గుంపులుగా ఉంటాయి, అవి తప్పించుకోవడం కష్టం. నమ్మకం తగ్గేది రెండు చోట్ల: వాచిపోయి మందంగా అయిన పాదాల్లో, షార్‌పే లాంటి జాతుల దళసరి ముడతల చర్మంలో. అక్కడ పురుగు బ్లేడుకు అందదు. అనుమానం పోకపోతే చిన్న చర్మం ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

ఒకే ఒక్క డెమోడెక్స్ కనిపిస్తే ఏమనుకోవాలి అని కూడా అడుగుతారు. అది ఆరోగ్యంగా ఉన్న కుక్క మీద కూడా ఉండే పురుగే అయినా, మామూలు చర్మాన్ని గీకితే అది దొరకడం అరుదు. అందుకని ఒకటి కనిపించినా కొట్టిపారేయకుండా ఇంకో నాలుగు చోట్ల చూస్తాను.

కళ్ల దగ్గర, వేళ్ల మధ్య గీకనివ్వడం లేదు. వేరే మార్గం ఉందా?

వెంట్రుకలు పీకి చూడొచ్చు. మచ్చ అంచు నుంచి యాభైకి తగ్గకుండా వెంట్రుకలను చిన్న పట్టకారుతో కుదుళ్లతో సహా, పెరిగే దిశలో లాగి నూనెలో పెట్టి మొదళ్ల దగ్గర చూడాలి. డెమోడెక్స్ ఉంటే మొదలును అంటిపెట్టుకుని కనిపిస్తుంది. కదలకుండా ఉండని కుక్కకు ఇది క్షేమం. ఇందులో ఏమీ కనబడకపోతే మాత్రం మత్తు ఇచ్చైనా గీకి చూడాలి. స్కేబిస్‌కు ఈ పద్ధతి పనికిరాదు.

## మందు ఎంచుకునేటప్పుడు

దురద భరించలేకపోతోంది. ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించొచ్చా?

డెమోడెక్స్ కాదని తేలేదాకా వద్దు. ఈ పేజీలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణచివేస్తుంది, డెమోడెక్స్ పెరగడానికి కావలసిందే అది. రెండు మచ్చలతో ఉన్న పిల్ల నెలలో ఒళ్లంతా చీముతో రావడం నేను చూశాను. ఎక్కువకాలం పనిచేసే ఇంజెక్షనైతే ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం. స్కేబిస్ ఖాయమై, పురుగు మందు కూడా మొదలైతే, కొద్ది రోజులు తక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్ మాత్రలతో ఊరట ఇవ్వొచ్చు.

నమిలే మాత్ర ఒకటి రెండింటికీ పనిచేస్తుందట. మరి గీకి చూడడం ఎందుకు?

అఫాక్సోలానర్, ఫ్లూరలానర్, సారోలానర్, లోటిలానర్ అనే ఐసాక్సజోలిన్ మందులు రెండు పురుగులనూ చంపుతాయి. ఇవి వచ్చాక పని చాలా సులువైంది. అయినా ఏ పురుగో తెలియకపోతే మందు ఎన్నాళ్లు ఇవ్వాలో తెలియదు, మిగతా కుక్కలకు ఇవ్వాలో వద్దో తెలియదు, పెద్ద కుక్కకైతే లోపల ఇంకో జబ్బు వెతకాలో లేదో తెలియదు.

ఒక జాగ్రత్త ఉంది. మూర్ఛలు వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు ఈ మందులు ఇచ్చే ముందు డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఈ మందుల నరాల దుష్ప్రభావాల మీద హెచ్చరిక జారీ చేసింది. మరీ చిన్న పిల్లలకు ఏ వయసు నుంచి, ఏ బరువు నుంచి ఇవ్వొచ్చో ఒక్కో మందుకు ఒక్కోలా ఉంటుంది.

ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేస్తే సరిపోదా?

స్కేబిస్‌కు వారం లేదా రెండు వారాలకోసారి వేస్తే పనిచేస్తుంది. డెమోడెక్స్‌కు అలా అప్పుడప్పుడూ వేస్తే సరిపోదు, ఎక్కువ మోతాదులో రోజూ నోటితో నెలల తరబడి ఇవ్వాలి. "నాలుగు ఇంజెక్షన్లు వేశాం, డెమోడెక్స్ తగ్గలేదు" అనే మాట వెనక ఉండేది ఇదే.

కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, షెట్లాండ్ షీప్‌డాగ్ లాంటి జాతుల్లో ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉండొచ్చు. వాటిలో ఈ మందు మెదడులోకి చేరి తూలడం, చూపు పోవడం, కోమా వరకు తీసుకెళుతుంది. సంకర జాతిలోనూ ఆ లోపం ఉండొచ్చు కాబట్టి, రోజువారీ వైద్యంలో చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, కంటిపాపలు పెద్దవవడం, తూలడం లేవని చూసుకుంటూ పెంచుతారు. పశువుల కోసం తయారైన మందును అంచనాగా కొలిచి ఇంట్లో వేయకండి.

కుక్కపిల్లకు రెండు చిన్న డెమోడెక్స్ మచ్చలే ఉన్నాయి. మందు వాడాలా?

మచ్చలు నాలుగు లోపు ఉండి, ఒక్కోటి రెండున్నర సెంటీమీటర్లు దాటకుండా ఉంటే చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాటంతటవే మానతాయి. మంచి తిండి పెట్టండి, కడుపులో పురుగులకు మందు వేయించండి, నెలకోసారి కొలిచి ఫొటో తీయండి. కొత్త మచ్చలు వస్తున్నా, పాదాలకు పాకినా అప్పుడు పురుగు మందు మొదలుపెట్టాలి.

ఏడేళ్ల కుక్కకు ఉన్నట్టుండి డెమోడెక్స్ ఎందుకు వచ్చింది?

ఇన్నేళ్లు అదుపులో ఉన్న పురుగు ఇప్పుడు పెరిగిందంటే లోపల ఏదో మారింది. ముందు స్టెరాయిడ్ వాడకం గురించి అడుగుతాం, చెవి చుక్కల మందు, చర్మం పూతలతో సహా. తర్వాత అడ్రినల్ గ్రంథి అతిగా పనిచేయడం, థైరాయిడ్ తగ్గడం, క్యాన్సర్ వెతుకుతాం. కొన్ని కుక్కల్లో కారణం దొరకదు, కొన్ని నెలల తర్వాత బయటపడుతుంది. కాబట్టి చర్మం మానినా రక్త పరీక్షలు మళ్లీ చేయించండి.

పాత ఇంజిన్ ఆయిల్ రాస్తే పోతుందంటున్నారు?

రాయకండి. చర్మం కాలుతుంది, కుక్క దాన్ని నాకి మింగుతుంది, విషమవుతుంది. కుదుట్లో ఉన్న డెమోడెక్స్‌ను అది చంపదు కూడా.

## మందు నడుస్తున్నప్పుడు

వెంట్రుకలు వచ్చేశాయి. డెమోడెక్స్ మందు ఆపేయొచ్చా?

వెంట్రుకలు చూసి ఆపకండి, స్లైడు చూసి ఆపండి. తొమ్మిది నెలల పిల్ల ఒకటి ఒళ్లంతా డెమోడెక్స్‌తో వచ్చింది. మొదటి రోజు ఐదు చోట్ల గీకి లెక్కపెడితే పెద్ద పురుగులు ముప్పై నాలుగు, గుడ్లు పన్నెండు. నెల తర్వాత అవే ఐదు చోట్ల తొమ్మిది పురుగులు, ఎక్కువ చచ్చినవి, ఒకే గుడ్డు. రెండో నెలకు ఒళ్లంతా నిగనిగలాడే బొచ్చు వచ్చింది. ఇంటివాళ్లు ఆపేద్దామన్నారు. గీకితే ఇంకా రెండున్నాయి. మూడో నెల ఏమీ లేదు, నాలుగో నెల కూడా ఏమీ లేదు. అప్పుడు ఇంకో నెల ఇచ్చి ఆపాం.

లెక్క ఇదే: నెలకోసారి అవే చోట్ల గీకాలి. వరుసగా రెండుసార్లు, బతికింది గాని చచ్చింది గాని, గుడ్డు గాని కనిపించకుండా ఉండాలి. ఆ తర్వాత ఇంకో నెల మందు నడవాలి. ఆపాక ఏడాది పాటు తిరగబెట్టకపోతేనే నయమైందంటాం. గుడ్లు తగ్గకుండా ఉంటే మందు సరిగ్గా అందడం లేదని గాని, లోపలి జబ్బు ఉందని గాని అనుమానించాలి. చీము ఉంటే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ స్నానాలు పక్కనే నడవాలి.

స్కేబిస్ మందు వేసి పది రోజులైంది, ఇంకా గోకుతోంది. మందు మార్చాలా?

తొందరపడకండి. పురుగు చచ్చినా దాని అవశేషాలు చర్మంలో ఉన్నంతకాలం అలర్జీ సాగుతుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో దురద మెల్లగా దిగాలి. నాలుగు వారాలు దాటినా ఏ మార్పూ లేకపోతే మూడు విషయాలు చూడాలి: వాంతిలో మాత్ర పోయిందా, మందు వేయని కుక్క నుంచి మళ్లీ అంటుకుంటోందా, అసలు జబ్బు అలర్జీయా.

ఇంట్లో మిగతా కుక్కలకు, పరుపులకు ఏం చేయాలి?

స్కేబిస్ అయితే గోకినా గోకకపోయినా కలిసి తిరిగిన ప్రతి కుక్కకూ అదే రోజు మందు పడాలి. పరుపులు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, దువ్వెనలు, మెడపట్టీలు కడగాలి. పురుగు కుక్క ఒంటి మీద లేకుండా కొన్ని రోజులే బతుకుతుంది, కానీ చల్లగా తేమగా ఉన్నచోట రెండు మూడు వారాల దాకా ఉండగలదు. డెమోడెక్స్ అయితే ఇవేవీ అక్కర్లేదు, ఆ కుక్కను వేరుగా కట్టేయాల్సిన పనీ లేదు.

డెమోడెక్స్ నయమైన ఆడకుక్కతో పిల్లల్ని వేయించొచ్చా?

చిన్న వయసులో ఒళ్లంతా డెమోడెక్స్ వచ్చిన కుక్కతో, ఆడదైనా మగదైనా, వేయించకండి. పురుగు పెరగనిచ్చే ఆ బలహీనత వంశంలో నడుస్తుంది. ఆడకుక్కకు ఎదకు వచ్చినప్పుడు, చూలుతో ఉన్నప్పుడు జబ్బు తిరగబెట్టే అవకాశం కూడా ఉంది కాబట్టి, చర్మం అదుపులోకి రాగానే గర్భసంచి, అండాశయాలు తీసే ఆపరేషన్ చేయించమని చెబుతాను.